పిన్ను పడిందన్న తెర

పై అంతస్తు బాల్కనీ నుంచి తాడు కట్టిన సంచీ దిగింది. అందులో కందిపొడి సీసా, రెండు రోజులకు సరిపడా పులిహోర, నిమ్మకాయ ఊరగాయ సర్దాను. మూతలన్నీ శానిటైజర్‌తో తుడిచాను. మళ్ళీ తుడిచాను. సీసా పగలకుండా పాత తువ్వాలు చుట్టి, అది చాలదేమోనని ఇంకొకటి చుట్టాను.

"పెద్దమ్మా, ఆ పొడిల కొరోనా ఎట్ల బతుకుతది? నీ కారానికే సచ్చిపోతది," అన్నాడు పైనుంచి రవికిరణ్.

నవ్వాను కానీ మూతలు ఇంకోసారి బిగించాను. ఎవరు ఊరికి బయలుదేరినా నాకంతే. పెట్టె మూసే చప్పుడు వినలేను. మా ఆయన చివరిసారి ఊరికి వెళ్ళిననాడూ పెట్టె నేనే మూశాను.

ఫిబ్రవరిలో మా అమ్మాయి సంయుక్త దగ్గరికి మూడు నెలలకని జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ వచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయాను. అప్పటికి జూన్ వచ్చింది. సంయుక్త, రవికిరణ్ ఒకే కంపెనీలో ఇంజనీర్లు. కొత్త ఫ్యాక్టరీల్లో సరుకు మోసే యంత్రాలను మొదటిసారి నడిపించి, సరిచేసి అప్పగించడం వాళ్ళ పని. కరోనా వచ్చాక కంపెనీ వాళ్ళను రెండు జట్లు చేసింది. ఒక జట్టు వేరే ఊళ్ళోని సైటులో వారం పనిచేసి వచ్చాక, రెండోది వెళుతుంది. ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. అందుకే పైన ఉండే కుర్రవాడు మా గుమ్మం తొక్కడం మానేశాడు. మా మధ్య తిరిగేది ఆ తాడొక్కటే.

ఈసారి సంయుక్త వారం ఆఖరి రోజు సగంలోనే ఆగింది. శనివారం మధ్యాహ్నం ఆరోగ్య శాఖవాళ్ళు సైటుకు ఫోన్ చేశారు. జట్టులో ఒకతనికి కరోనా అట. ఎక్కడి పనులక్కడ వదిలి, ఏమీ ముట్టకుండా బయటికి రమ్మన్నారు. అప్పటినుంచి మేమిద్దరం క్వారంటైన్‌లో ఉన్నాం.

అయితే సంయుక్తను తినేస్తున్నది కరోనా కాదు. అన్నం కలిపి, తినకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. అడగగా అడగగా చెప్పింది. సైటులో బరువులను పైకి కిందికి చేర్చే పెద్ద లిఫ్టు ఉంది. మనిషి దాని కింద పనిచెయ్యాలంటే ముందు దాన్ని పైన ఆపి, లావుపాటి ఇనుప పిన్ను అడ్డం వెయ్యాలి. పిన్ను పడిందో లేదో కనిపెట్టడానికి ఒక సెన్సర్ ఉంటుంది. దాని తీగ తెగింది. కొత్తది కరోనా వల్ల రాలేదు. లిఫ్టు చుట్టూ ఉన్న కంచె లోపల ఎవరూ లేకుండా చూసి, దాని తలుపుకు తన తాళం వేసుకుని, మిగతా పరీక్షలు ఆగకూడదని సంయుక్త కంప్యూటర్‌లోంచి ఆ సెన్సర్ జవాబును బలవంతంగా "పడింది" అని పెట్టింది. దాన్ని వాళ్ళు ఫోర్స్ అంటారు.

నాకు అర్థం కాలేదు. వాషింగ్ మెషీన్ చూపించింది.

"తలుపు మూశామని దీనికి ఎలా తెలుసు? ఈ చిన్న గొళ్ళెం నొక్కుకుంటే తెలుస్తుంది. తలుపు తీసే ఉంచి, గొళ్ళెంలో చెంచా దూర్చామనుకో. మూశామనే అనుకుని తిరుగుతుంది. అందులో నీ చెయ్యి ఉందో లేదో దానికేం తెలుసు?"

"మరి చెంచా తీసేశావా?"

"తియ్యలేదమ్మా. అదే కదా."

సాయంత్రం పని అయ్యాక తీసేసేదే. అంతకుముందే బయటికి తోలేశారు. కంప్యూటర్ ఆపినా, కరెంటు తీసినా ఆ ఫోర్స్ పోదట. యంత్రాన్ని నడిపించే కంట్రోలర్‌లోనే కూర్చుని ఉంటుంది. ఫోర్స్ ఉన్నంతసేపూ కంట్రోలర్ మీద ఒక పసుపు దీపం వెలుగుతుంది కానీ, ఇంకేవో చిల్లర లోపాలకూ అదే దీపం వెలుగుతుంది కనుక దాన్నెవరూ పట్టించుకోరు. తర్వాతి జట్టు పని ఆగకూడదని, కంచె తలుపుకున్న తన తాళం మాత్రం తీసి వెంట తీసుకెళ్ళమన్నారు. వచ్చేటప్పుడు కంట్రోలర్ ఉన్న ప్యానెల్ తలుపుకు కాగితం చీటీ తగిలించింది: ఫోర్స్ ఉంది, కిందికి వెళ్ళకండి, సంయుక్త.

"చీటీ ఉందిగా, మరి ఎందుకీ తిరుగుడు?" అన్నాను.

చీటీ ఒక్కటే చాలదంది. అలవాటు ప్రకారమైతే, జట్టు మారేటప్పుడు ఇద్దరు ప్యానెల్ ముందు నిలబడి, ఒక్కో చీటీ చదువుకుని, ఏది ఎందుకు ఉంది, ఎప్పుడు తియ్యాలి అని ఒప్పజెప్పుకోవాలి. కరోనా ఆ అలవాటును మింగేసింది. ఇప్పుడు అప్పగింతలన్నీ ఫోన్లోనే.

ఆ ఫోను కూడా ఆమె చెయ్యాల్సింది సైటు పెద్ద బ్రాంట్‌కి. చేస్తే ఫోర్స్ వదిలి వచ్చిందని ఆమె పేరు మీద రాస్తారు. ఉద్యోగంలో ఇంకా ప్రొబేత్సైట్, అంటే సులువుగా తీసెయ్యగల పరీక్షా కాలం, నడుస్తోంది, ఒక్క నెల మిగిలింది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు సంగతేమిటో ఆమెకు తెలియదు, విమానాలు లేని ఈ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో నిలబడి సంగతి పైకి రవికిరణ్‌కు చెప్పింది. అతను కడ్డీ మీదికి వంగాడు.

"అక్కా, నువ్వు పరేషాన్ గాకు. పొద్దుగాల పోంగనే నేనే తీసేస్త. బ్రాంట్‌కు చెప్పకు. ఊకె నీ మీద రాస్తడు."

"తీసేటప్పుడు కూడా లోపల ఎవరూ ఉండకూడదు రా. ఫోర్స్ పోగానే యంత్రం అసలు సంగతి తెలుసుకుని కదలొచ్చు. తలుపుకు నీ తాళం వెయ్యి. తీశాక పిన్ను నీ కళ్ళతో చూడు. తెర నమ్మకు."

"నాకు చెప్తున్నవా అక్కా? నాకు నేర్పిందే నువ్వు."

వాళ్ళిద్దరి మధ్య ఆ మాటతో అయిపోయింది. అక్క పేరు చెడకుండా తమ్ముడు చూసుకుంటాడు. మన ఇళ్ళలో ఎన్నో పనులు అలా గుట్టుగానే సర్దుకుంటాయి కనుక నాకూ అది మంచి మాటగానే వినిపించింది. అయినా లోపలికి వచ్చాక అడిగాను, ఆ బ్రాంట్ చెవిన కూడా ఒక ముక్క వెయ్యరాదా అని. రేపు రవి తీసేశాక చెప్తానంది. ఆ సాయంత్రమే నేను సంచీ సర్దింది.

సోమవారం తెల్లవారగానే అతను బయలుదేరాడు. వీధి చివర బస్టాపు మా కిటికీలోంచి కనిపిస్తుంది. మాస్కు మీదుగా చెయ్యి ఊపాడు. బస్సు పోయాక కూడా అక్కడే నిలబడ్డాను. సంయుక్త కాఫీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది. గడియారం చూసి, ఇప్పుడు రైలు దిగి ఉంటాడు అంది. కాసేపటికి, గేటు దగ్గర ఉంటాడు అంది. పుస్తకం తెరిచాను. అదే పేజీ చదివాను, అదే పేజీ.

రవికి ఫోన్ చేసింది. స్విచాఫ్. సైటులో ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారట, అది మామూలే అంది. మళ్ళీ చేసింది. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. జట్టులో తనతో పనిచేసే గిరిజకు ఫోన్ చేసి ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది. శనివారం వీళ్ళు వెళ్ళాక ఏం జరిగిందో గిరిజకు తెలిసింది. క్రిములు చంపేవాళ్ళు వచ్చి హాలంతా కడిగారట. ప్యానెళ్ళ తలుపులు, మీటలు, కడ్డీలు, అన్నీ తుడిచారట. పనికిమాలిన కాగితాలన్నీ సంచుల్లో వేసుకుని పోయారట.

సంయుక్త నా వైపు చూసింది. "చీటీ లేదమ్మా," అంది.

ఇక ఆలోచించలేదు. బ్రాంట్ నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. నాకు జర్మన్ రాదు. లిఫ్టు, పిన్ను, ఫోర్స్, తన పేరు, ఇవి మాత్రం వినిపించాయి. అవతల ఆయన ఏదో అరిచాడు, కుర్చీ పడింది. ఫోన్ పెట్టెయ్యలేదు, చేత్తో పట్టుకునే పరుగెత్తుతున్నాడు. బూట్ల చప్పుడు. ఇనుప మెట్లు. సంయుక్త ఫోన్‌ను బల్ల మీద ఉంచింది.

అప్పుడు ఆ చప్పుడు వచ్చింది. దాన్ని వర్ణించను.

జరిగింది తర్వాత ఊవె అనే మెకానిక్ చెప్పాడు. గేటు దగ్గర జ్వరం కొలిచే క్యూలో రవికిరణ్ ఇరుక్కున్నాడు. మెకానిక్‌లు వేరే గేటు నుంచి ముందే లోపలికి వెళ్ళారు. ఆ పొద్దు లిఫ్టు బ్రేకు పరీక్షించాలి. ప్యానెల్ తెర మీద పిన్ను పడినట్టు ఆకుపచ్చగా ఉంది. ప్యానెల్ మీద ఏ చీటీ లేదు. అంతకుముందైతే మనిషి కిందికి వెళ్ళేముందు లిఫ్టు పడకుండా ఆపే ఉక్కు స్తంభం నిలబెట్టేవాళ్ళు. తెర బాగుంది కదా అని ఆ పొద్దు ఎవరూ దాన్ని మోసుకురాలేదు. తలుపు తీసి ఊవె లిఫ్టు కిందికి దూరాడు. తలుపు తీస్తే మోటారుకు కరెంటు ఆగుతుంది. కానీ లిఫ్టును పట్టి ఉంచేది బ్రేకు. పరీక్ష కోసం ఆ బ్రేకును ప్యానెల్ దగ్గరి ఎలక్ట్రీషియన్ సర్వీస్ తాళంచెవితో వదలవచ్చు. పిన్ను పడి ఉంటేనే అది వదలనివ్వాలని కంట్రోలర్‌కు నేర్పి ఉంది. పిన్ను పడిందనే కంట్రోలర్ అనుకుంటోంది.

రవికిరణ్ హాల్లోకి వచ్చి చూశాడు. అరిచాడు. మాస్కులు, కంప్రెసర్ల హోరు, ఎవరికీ వినిపించలేదు. కంచె తలుపు పక్కనే ఎర్ర బటన్ ఉంది. అది కొడితే బ్రేకు పట్టేసేది. ఊవె అంతకంటే దగ్గరగా కనిపించాడు కాబోలు, లోపలికి దూకి అతన్ని అవతలికి తోశాడు. ఎలక్ట్రీషియన్ ఆ క్షణానే బ్రేకు వదిలాడు. లిఫ్టు కింద రవికిరణ్ ఉండిపోయాడు.

విచారణకు వచ్చినవాళ్ళ ముందు సంయుక్త ఏమీ దాచలేదు. ఫోర్స్ తనదేనని, రవికి చెప్పి బ్రాంట్‌కు చెప్పలేదని చెప్పింది. మనిషి ప్రాణం ఒక మామూలు సెన్సర్ మాట మీద వేలాడకూడదని కూడా చెప్పింది. కంపెనీ ఆమె ఉద్యోగం తియ్యలేదు. ఆ భయమే మమ్మల్ని ఇంతవరకు తెచ్చిందనుకుంటే నాకు గోడకు తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ సైటులో ఫోర్స్ ఉంటే హాల్లోని పెద్ద తెర మీద ఎర్రగా కనిపిస్తుంది, ఎవరు పెట్టారో పేరుతో సహా. చీటీ కాగితం కాదు, వైరుతో కట్టిన రేకు. కంచె తాళం కూడా ఫోర్స్ పెట్టినవాళ్ళదే. జట్టు వదిలి వెళ్ళాలంటే ముందు ఫోర్స్ తియ్యాలి. వీలుకాకపోతే ఆ యంత్రానికి కరెంటు తీసి తాళం వేసి మాత్రమే వెళ్ళాలి, మహమ్మారి వచ్చినా సరే. రెండు జట్ల నుంచి ఇద్దరు మాస్కులతో, దూరంగా నిలబడి పైకి చదివి ఒప్పజెప్పుకోవాలి. ఇదంతా సంయుక్తే పట్టుబట్టి పెట్టించింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇంజనీరు గొంతులా ఉంటుంది. చెప్పడం అవగానే వెళ్ళి వాషింగ్ మెషీన్ తలుపు మూసి ఉందో లేదో చూస్తుంది.

తాడు పై బాల్కనీ కడ్డీకి ఇంకా కట్టే ఉంది. గాలి వేస్తే మా కిటికీ మీదికి వచ్చి తగులుతుంది. తీసెయ్యమని ఇంటివాళ్ళకు చెప్పాలని రోజూ అనుకుంటాను.

రవికిరణ్ 2020 జూన్ పదిహేను, సోమవారం పొద్దున బస్సెక్కాడు. తిరిగి రాలేదు.