రహీం సాబ్ ఖాతాలో పడ్డ కిరాయి

నోటీసు వచ్చినప్పుడు మా నాన్న మంగీలాల్ కాలిన బోరు మోటారు విప్పుతున్నాడు. చేతులకు గ్రీజు ఉండటంతో పోస్టుమ్యాన్ దగ్గర సంతకం నేనే పెట్టాను. ఖమ్మం వకీలు పంపిన కవరు అది. మా షాపు ఓనరు రహీం సాబ్ పోయినప్పటి నుంచి మేము కిరాయి కట్టలేదట. పదిహేను రోజుల్లో బకాయి కట్టి షాపు ఖాళీ చేయాలట. వకీలు చేత పంపించింది రహీం సాబ్ కొడుకు రెహమాన్.

నేను చదువుతుంటే నాన్న పానా కింద పెట్టాడు.

"నెలనెలా నువ్వే కదా ఫోన్ల ఏస్తున్నవ్?"

"అవ్ నాన్న. ఒక్క నెల కూడా ఆగలే."

బూర్గంపాడు సెంటర్‌లో కాలిన మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే షాపు మాది. వరినాట్ల కాలం. రైతుల మోటార్లు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఇప్పుడు ఖాళీ చేస్తే వాటిని ఎక్కడ పెట్టాలి? రైతులు మళ్లీ మమ్మల్ని వెతుక్కుంటూ వస్తారా? నాన్న అన్నం సరిగా తినలేదు. మోటారు కోసం వచ్చిన తిరుపతి మామ, కాగితాలకు జవాబిస్తే ఇరుక్కుంటారని, ఊరుకుంటే అదే పోతుందని చెప్పిపోయాడు. నాన్నకు ఆ మాట నచ్చింది. నాకు భయమేసింది. మా తండాలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను. నేను తప్పు రాస్తే దాన్ని సరిదిద్దేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే జవాబు రాశాను. 'మీరు చెప్పేదంతా అబద్ధం, మమ్మల్ని వెళ్లగొట్టడానికి ఆడుతున్న నాటకం' అని మొదలుపెట్టాను. మర్నాడు నాన్నను తీసుకుని వారధి దాటి భద్రాచలంలో శ్యామల మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె వకీలు. జవాబు ఇవ్వకపోతే రేపు కోర్టులో అదే మాకు ఎదురు తిరగవచ్చని ముందే చెప్పింది. తర్వాత నా ఫోన్ తీసుకుని కిరాయి వేసినవన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఈ పైసలు రహీం పేరు మీద పోతున్నయ్ కదమ్మా. ఆయన చనిపోయిండంటున్నరు."

నేను కిరాయి వేసే ఫోన్ నంబరు ఆయన బ్యాంకు ఖాతాకు కలిపి ఉంది. ఆయన పోయినా ఖాతా అలాగే ఉంది. నేను పంపిన కిరాయి అందులోనే పడుతోంది. ఇంట్లో ఎవరూ ఆ ఖాతా చూడలేదేమో. మేం కట్టామన్నదీ నిజమే, రెహమాన్ అందలేదన్నదీ నిజమే కావచ్చు.

ఎవరికి కట్టాలో అడగలేదా అంది మేడం. నాన్న తల వంచుకున్నాడు.

"సాబ్‌ను మట్టిల పెట్టిననాడు పోయొచ్చినం మేడం. నలభై దినాలు కాకముందే ఆ ఇంట్ల పైసల మాట ఎట్ల ఎత్తుతం? తర్వాత పైసలు పోతనే ఉన్నయ్ కదా అని ఊకున్నం."

మేడం నా కాగితంలో 'అబద్ధం', 'నాటకం' కొట్టేసింది. జరిగింది మాత్రమే రాయమంది. అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. ప్రతి నెలా కిరాయి రహీం గారి ఖాతాలో వేశామని, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తున్నామని, ఆ ఖాతా చూసుకోమని కోరుతున్నామని రాశాను. ఇకపై ఎవరికి కట్టాలో రాతపూర్వకంగా తెలపమని అడిగాను. చివరగా, రహీం గారి మరణం మాకు తెలుసని, ఎవరికి కట్టాలో ఎవరూ చెప్పలేదని, మేమూ అడగలేదని రాశాను.

నాన్న ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నాడు.

"అడగలేదని మనమే రాసిస్తే, రేపు గదే పట్టుకుంటరు బిడ్డా."

"దాస్తే ఇంకా గట్టిగ పట్టుకుంటరు నాన్న. మట్టికాడ మనల్ని అందరు చూసిండ్రు."

నాన్న పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. మేడం జవాబును ఖమ్మం వకీలుకు ఒకటి, రెహమాన్‌కు ఒకటి స్పీడ్ పోస్టులో పంపించింది.

తర్వాత రోజులు గడవడమే కష్టమైంది. షాపు ముందు బండి ఆగితే చాలు, నాన్న తీగ చుట్టడం ఆపేసేవాడు. రిపేరుకు కొత్తగా మోటార్లు తీసుకోవాలన్నా వెనకాడాడు. ఒక రైతును ఇంకో షాపుకు పంపించాడు కూడా.

గడువు ఇంకా ఉండగానే రెహమాన్ వచ్చాడు. నాన్న లేచి నిలబడ్డాడు. అతను స్టూలు లాక్కుని కూర్చుని, బ్యాంకుకు పోయి చూశానని, కిరాయి మొత్తం వాళ్ల అబ్బా ఖాతాలోనే ఉందని చెప్పాడు. వారసులందరూ సంతకాలు పెట్టేదాకా బ్యాంకు ఇవ్వదట. అది వాళ్లే చూసుకుంటారట.

"కోపం పెట్టుకోకు మంగీలాల్ చాచా. ఇంట్ల ఎవరికీ తెల్వలే. నోటీసు సంగతి మర్చిపో. వచ్చే నెల నుంచి మా అమ్మీ ఖాతాల ఎయ్యున్రి."

నాన్న మొహం తేటపడింది. సరే అనబోయాడు. నేను కాగితం, పెన్ను తెచ్చి రెహమాన్ ముందు పెట్టాను.

"ఆ ముక్కే రాసియ్యి అన్నా. నోటీసు వాపసు తీసుకున్నట్టు, కిరాయి ముట్టినట్టు, ఇంక అమ్మీకే కట్టాలని."

"నా మాట సాలదా సంగీతా?"

"సాలుతదన్నా. కానీ రేపు నువ్వు గానీ మేము గానీ లేకుంటే, ఆ మాట ఎవరిని అడగాలె?"

నాన్న నన్ను చూశాడు. కసురుతాడనుకున్నాను. ఆయన బల్ల మీది మోటారు పక్కకు జరిపి, రెహమాన్ రాసుకోవడానికి చోటు చేశాడు.