చెల్లెలికి చెప్పని మాట

అక్క కుట్టుమిషను మీద బతికే మనిషి. మూడేళ్ల క్రితం ఎడమ పిక్క వాచి, కాలు మోపలేక ఆసుపత్రికి వెళ్లింది. లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిందన్నారు. దెబ్బ తగల్లేదు, మంచాన పడలేదు. వయసు ముప్పై ఎనిమిదే. పైగా వాళ్ల నాన్న నలభై ఏళ్లకే ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి పోయాడు. ఇవన్నీ విన్న డాక్టరమ్మ, గడ్డ తీవ్రత తగ్గేదాకా ఆగి, రెండుసార్లు రక్తం తీయించింది.

"రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్ మీకు సగమే ఉందమ్మా. పుట్టుకతో వచ్చింది. తోబుట్టువులకీ పిల్లలకీ ఉండే అవకాశం సగానికి సగం. వాళ్లకి చెప్పండి. ముఖ్యంగా ఆడపిల్లలకి, గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టక ముందే."

అక్క తలూపింది. అప్పుడే చెల్లెలికి సంబంధం కుదిరింది. రక్తంలో లోపం అన్న మాట బయటికి పొక్కితే? పెళ్లయ్యాక చెబుదామనుకుంది. పెళ్లయ్యాక, కొత్త కాపురం, ఇప్పుడెందుకు బెదరగొట్టడం అనుకుంది. గడ్డ కట్టకుండా ఇచ్చిన తన మాత్ర తాను రోజూ మింగుతూ, ఎవరైనా అడిగితే "కాలినొప్పికి" అనేది.

పెళ్లయి రెండేళ్లు దాటినా చెల్లెలు ఇంకా పిల్లలు వద్దనుకుని గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది. రెండో నెలలో మెట్లెక్కితే ఆయాసం.

"పని ఎక్కువైందక్కా, అంతే!" అని ఫోనులో నవ్వింది.

మర్నాడు పొద్దున్నే స్నానాలగది గుమ్మంలో కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఇరవై ఏడేళ్లు.

రెండు నెలల తర్వాత అక్క, తన పదిహేడేళ్ల కూతుర్ని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"మాత్రలు రాసినవాళ్లు ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చాయా అని అడగలేదా?" అంతా విని డాక్టరమ్మ అడిగింది.

"అడిగారటండీ. లేదని చెప్పిందట. నాన్న పోయేనాటికి అది చంటిపిల్ల. గుండె ఆగిందనే దానికి తెలుసు. నా సంగతి..." అక్క కొంగు అంచు మడిచింది. "నేను చెప్పలేదు."

డాక్టరమ్మ మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

వారంలో ఫలితం వచ్చింది. కూతురికీ సగమే.

"ఇప్పుడు రోజూ మందు అక్కర్లేదు," అని డాక్టరమ్మ ఆ పిల్లకే చెప్పింది. "ఈస్ట్రోజెన్ హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం ఎప్పుడూ వద్దు. ఆపరేషనైనా, కాలికి కట్టు పడినా, కడుపుతో ఉన్నా ముందే చెప్పు. పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకు. నిర్ధారణకి ఇంకోసారి రక్తం తీస్తాం."

వరండాలో అక్క తమ్ముడికి ఫోను చేసింది. "నువ్వూ నీ కూతురూ పరీక్ష చేయించుకోవాలిరా," అంటూ అంతా చెప్పింది.

"ఇది నీకెప్పట్నుంచి తెలుసక్కా?"

"మూడేళ్లుగా."

"చేయించుకుంటాం. అమ్మకి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పుకో," అని పెట్టేశాడు.

పక్కనే నిలబడ్డ కూతురు అంతా విన్నది. "ముందే చెప్పుంటే పిన్ని బతికేదా?" అని అడిగింది.

"బతికేదేమోనే."

కూతురు రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. బస్టాపు దాకా అమ్మకి నాలుగడుగులు ముందే నడిచింది.