ఇరవై మూడో నంబరు పెట్టెలు రెండు

నళినికి అరవై ఏళ్లు. కేశవరావుకి అరవై నాలుగు. చలికాలంలో అమెరికాలోని అరోరాలో బయట నడవలేక మాల్‌లో నడిచే పెద్దవాళ్ల గుంపులో వాళ్లిద్దరికీ పరిచయమైంది. ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆయన భార్య వసుంధర పోయి ఆరేళ్లు. రెండు చలికాలాలు పక్కపక్కన నడిచాక, ఒకరోజు కాఫీ తాగుతూ కేశవరావు అడిగేశాడు.

"నళినిగారూ, మీ ఇంట్ల మెట్లు, మా ఇంట్ల మెట్లు. మన నలుగురి మోకాళ్లకీ కలిపి మెట్లు లేని ఇల్లొకటి చూసుకుంటే ఎట్లుంటది?"

నలుగురెవరని ఆవిడ లెక్కపెట్టుకుని, అది నాలుగు మోకాళ్ల సంగతని అర్థమయ్యాక, కాఫీ ఒలికేటంతగా నవ్వింది. ఆ నవ్వే జవాబయింది.

ఊళ్లోనే ఒకే అంతస్తు ఉన్న ఇల్లు దొరికింది. శనివారం ఉదయం గుళ్లో పెళ్లి. శుక్రవారం రెండిళ్ల సామానూ ఒకే ట్రక్కులో కొత్త ఇంటికి. కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి కేశవరావు కూతురు నిధి వారం ముందే వచ్చింది. ఆ అమ్మాయి ఈ పెళ్లికి అడ్డు చెప్పలేదు. కాని నళినితో మాట్లాడినప్పుడల్లా హోటల్ రిసెప్షన్‌లో ఉన్నంత మర్యాదగా ఉండేది. "ఓకే ఆంటీ", "థాంక్యూ ఆంటీ", అంతే. నళినికి ఆ మర్యాదే కాస్త చలిగా తగిలేది.

ఆసుపత్రి ఫార్మసీలో ముప్పై ఏళ్లు పనిచేసిన నళినికి లెక్కలేకుండా ఏ వస్తువూ కదలకూడదు. ఆవిడ సామాను జాబితా గురించి మాట్లాడబోతుంటే, "నా దగ్గర టెంప్లేట్ ఉంది ఆంటీ, నేను పంపుతా" అంది నిధి. అందులో గదుల వారీగా వరసలున్నాయి. పెట్టె నంబరు, ఏ గదిలో సర్దామో, కొత్త ఇంట్లో ఏ గదికి వెళ్లాలో, లోపల ఏముందో. పెట్టె మీద మాత్రం నంబరూ, చేరాల్సిన గదీ, అంతే. లోపలేముందో దారిన పోయేవాళ్లందరికీ తెలియనక్కర్లేదు కదా. లేబుళ్లు కూడా నిధే ప్రింట్ చేసి ఇచ్చింది. ఒక్కో పెట్టెకి మూడేసి. పైన ఒకటి, రెండు పక్కల రెండు. ఏ వైపు తిప్పి పేర్చినా నంబరు కనపడాలి.

నళిని వంటగదితో మొదలుపెట్టింది. గరిటెలు, పోపులడబ్బా, ఇడ్లీ రేకులు. తర్వాత పూజ అల్మరా, హాలు, పడగ్గది. మందులు, పాస్‌పోర్టులు, పుస్తెలు, ఇంటి కాగితాలు ట్రక్కెక్కించకుండా చేతిసంచిలో పెట్టుకుంది. మొత్తం నలభై ఆరు పెట్టెలు. ఇరవై మూడో పెట్టెలో పెళ్లిచీర ఉంది. ఆవపువ్వు రంగు గద్వాల్. దాంతోపాటు అడ్డుతెర, కుంకుమభరిణె, తలంబ్రాల పళ్లెం. ఆ పెట్టె ఎక్కడో అడుగున పడిపోకూడదని విడిగా తీసి, లాండ్రీ గది అల్మరాలో పెట్టింది. "అది ఆఖర్న ఎక్కించండి, ముందు దిగుతుంది" అని సామాను మోసే మూవర్లకి చెప్పాలనుకుంది.

చెప్పేలోపే లాయరు ఆఫీసు నుంచి ఫోను. ఆవిడ పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లు ముందే వచ్చేశారట, సంతకాలకి రమ్మన్నారు. నళిని పరుగున వెళ్లింది. సంతకాలు పెట్టింది. తాళాలు ఇచ్చేసింది. ట్రక్కు ఈలోగా కేశవరావు ఇంటికి వెళ్లి ఆయన సామాను కూడా ఎక్కించుకుంది.

మధ్యాహ్నం కొత్త ఇంటి గుమ్మంలో నళిని క్లిప్‌బోర్డుతో నిలబడింది. మూవర్లలో పెద్దవాడు, మార్కస్ అనే అతను, ఒక్కో పెట్టె మోసుకొస్తూ నంబరు అరుస్తున్నాడు. ఆవిడ టిక్ పెడుతోంది. కేశవరావు పచ్చిక మీద సోఫాలకి దారి చూపిస్తున్నాడు.

"ఫోర్టీన్! కిచెన్!" అన్నాడు మార్కస్.

నళిని కాగితం చూసుకుంది. పద్నాలుగు అంటే పూజ సామాను. కిచెన్ ఎందుకయింది? తన తప్పేమో అనుకుని టిక్ పెట్టింది. ముప్పై ఏళ్లలో ఒక్క మాత్ర తేడా రానివ్వని మనిషి.

కాసేపటికి మళ్లీ "ఫోర్టీన్! పూజా రూమ్!"

నళిని పెన్ను ఆగిపోయింది. ఒకసారి పెట్టిన టిక్ మీద ఇంకో టిక్ ఎలా పెడుతుంది? కేశవరావుని పిలిచింది.

"మీ పెట్టెలకి నంబర్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టారండీ?"

"ఒకటి నుంచే. ఇంకేడికెల్లి పెడ్తరు?"

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అదే టెంప్లేట్. అవే వరసలు. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా. ఇద్దరూ ఒకేసారి నిధి వైపు తిరిగారు.

నిధి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. "ఓ మై గాడ్. నేను ఇద్దరికీ సేమ్ షీట్ పంపాను. సేమ్ లేబుల్స్ కూడా. ఎన్ అనో కే అనో ముందు పెట్టుంటే అయిపోయేది!"

అప్పటికే పెట్టెలు సగం దాకా లోపలికి వెళ్లిపోయాయి. ఏ టిక్ ఎవరి పెట్టెదో తెలియదు. మార్కస్‌ అయితే గోడకానుకుని నవ్వుతున్నాడు. ట్రక్కు ఖాళీ అయ్యాక గదిగదికీ తిరిగి పెట్టెలు లెక్కపెడితే ఎనభై మూడే తేలాయి. ఉండాల్సినవి ఎనభై నాలుగు.

"ఏది పోయిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు కేశవరావు.

నళిని క్షణం ఆలోచించింది. "తెలుస్తుందండీ. ముప్పై ఎనిమిది దాకా ప్రతి నంబరూ రెండుసార్లు ఉండాలి. ఆపైన ఎనిమిదీ నావే, ఒక్కొక్కటే. జోడీ లేనిది ఏదో చూద్దాం."

నిధి గదుల్లోకి వెళ్లి నంబర్లు చదువుతోంది. నళిని తెల్లకాగితం మీద కొత్తగా టిక్కులు పెడుతోంది. కిచెన్ అయింది, హాలు అయింది. పడగ్గదిలోంచి నిధి గొంతు వినిపించింది.

"ఆంటీ, ట్వంటీ త్రీ ఒక్కటే ఉంది!"

ఇద్దరి కాగితాల్లోనూ ఇరవై మూడుకి ఎదురుగా చేరాల్సిన గది ఒకటే, పడగ్గది. లోపల ఉన్నవీ ఒకటే, చీరలు. తెరిచి చూస్తేగాని ఎవరిదో తెలియదు.

నిధి టేపు కోసింది. పైన పాత ధోవతి కప్పి ఉంది. అది తొలగించగానే నిధి చెయ్యి ఆగిపోయింది. వెంకటగిరి చీర ఒకటి, లేత నీలం, సన్న జరీ అంచు.

"ఇవి అమ్మవి" అంది.

కేశవరావు గుమ్మంలో నిలబడిపోయాడు. "నీకే ఇద్దామని దాచిన, బిడ్డా. నువ్వెప్పుడూ అడగకపోతివి."

"నువ్వు బాధపడతావని అడగలేదు, డాడీ."

నళిని అక్కడి నుంచి వెళ్లిపోబోయింది. నిధి ఆపింది. "ఆంటీ, అంటే పోయింది మీ బాక్సా? పెళ్లిచీర అందులోనే ఉందా?"

"అందులోనే ఉందమ్మా. పర్వాలేదు, ఇంకోటి కట్టుకుంటాను."

నిధి ఆ నీలంచీర తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు అంచు నిమిరింది. తర్వాత నళిని ముందుకి చాపింది. "దొరక్కపోతే ఇది కట్టుకోండి. అమ్మ ఏమీ అనుకోదు. నేనూ అనుకోను."

నళిని ఆ చీర అందుకోలేదు, ఆ పిల్ల చెయ్యి అందుకుంది. గబగబా కళ్లు తుడుచుకుని, "ముందు నా పెట్టె వెతుకుదాం పద" అంది.

తన కాగితంలో ఇరవై మూడు వరస మళ్లీ చదివింది. 'సర్దిన గది' అన్నచోట పడగ్గది అని కొట్టేసి, పైన చిన్నగా 'లాండ్రీ' అని తన చేత్తోనే రాసి ఉంది. "అయ్యో, అల్మరా!" అంది గట్టిగా.

ముగ్గురూ కారెక్కారు. పాత ఇంటి ముందు కార్లు, చెప్పులు, పిల్లల కేకలు. కొనుక్కున్నది రష్మి, శశికాంత్ అనే జంట. తాళాలు వచ్చిన రోజే మంచిరోజని పాలు పొంగించేస్తున్నారు. తలుపు తీసిన రష్మి చేతిలో గరిటె ఉంది.

"రండి ఆంటీ! సరిగ్గా టైమ్‌కి వచ్చారు, పరమాన్నం అవుతోంది. ఏమైనా మర్చిపోయారా?"

"లాండ్రీ అల్మరాలో ఒక పెట్టె, నంబరు ఇరవై మూడు."

రష్మి కళ్లు పెద్దవి చేసింది. "అది మీదా! దాని మీద మాస్టర్ బెడ్‌రూమ్ అని ఉంది. అందుకే మా ఫ్రెండ్స్ అక్కడ పెట్టేశారు. మా బాక్సుల్లో ఒక్కదానికీ నంబర్ లేదు. ఇంత నీట్‌గా ప్యాక్ చేసింది మా ఆయనే అనుకుని ఇందాక మెచ్చుకున్నా కూడా!"

"నేను కాదని చెప్పలేదు" అన్నాడు శశికాంత్ వెనక నుంచి. ఇల్లంతా నవ్వులు.

పెట్టె టేపు కూడా చెదరలేదు. అయినా పరమాన్నం తినకుండా రష్మి ఎవర్నీ కదలనివ్వలేదు. తన పాత వంటింట్లో అతిథిలా నిలబడి తింటుంటే నళినికి దిగులేమీ అనిపించలేదు. పొయ్యి మీద పాలపొంగు మరక చూసి, "అది వేడిగా ఉండగానే తుడిచేయి, లేకపోతే వదలదు" అని మాత్రం చెప్పింది. పెళ్లికి రమ్మని పిలిచింది. వాళ్ల స్నేహితుల్నీ పిలిచింది.

తెల్లవారాక కొత్త ఇంట్లో, పెట్టెల మధ్య, నళిని ఆవపువ్వు గద్వాల్ కట్టుకుంది. అద్దం ఏ పెట్టెలో ఉందో కాగితంలో ఉన్నా తీసే తీరిక లేదు. నిధి ఫోన్ అద్దంలా పట్టుకుని ఆవిడ ముఖం ఆవిడకే చూపించింది. నిధి తన కోసం తెచ్చుకున్న డ్రెస్ మంచం మీదే ఉంది.

"ఆంటీ, నాకు చీర కట్టుకోవడం రాదు. మీరు కడతారా?"

నళిని నీలంచీర కుచ్చెళ్లు పోసింది. మూడుసార్లు విప్పి మూడుసార్లు పోసింది, అంచు సరిగా పడేదాకా. నిధి కదలకుండా నిలబడలేక నవ్వుతూనే ఉంది. "అమ్మ కూడా ఇలాగే తిట్టేది, కదలొద్దని."

"అయితే నేనూ తిడతాను. కదలకు."

గుళ్లో కూతురు నడిచి వస్తుంటే కేశవరావు చూపు అటే ఉండిపోయింది. పురోహితుడు రెండుసార్లు పిలవాల్సొచ్చింది. వెనక వరసలో రష్మి, శశికాంత్, వాళ్ల స్నేహితులందరూ అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. తలంబ్రాలప్పుడు కేశవరావు మర్యాదగా చిటికెడు పోయబోతే, నిధి వెనక నుంచి "డాడీ, ఫుల్ గా!" అని అరిచింది. నళిని ఆగలేదు. పళ్లెం ఎత్తి మొత్తం ఆయన నెత్తిన గుమ్మరించింది. కళ్లజోడు మీద పసుపు బియ్యం నిలిచిపోతే, ఆయన తుడుచుకోకుండా అలాగే నవ్వుతూ కూర్చున్నాడు.