తెర కింద నలభై నాలుగు అడుగులు

పొద్దున ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా వనజ భద్రాచలంలోని కేబుల్ ఛానెల్ ఆఫీసు మెట్లెక్కింది. లోపల ఫోన్ మోగుతోంది. తాళం తీసి, గొడుగు గోడకు ఆనించి, రిసీవర్ ఎత్తింది.

"టీవీ ఆఫీసేనా? నేను గోదారొడ్డు ఇప్పలగుంపు ఊరి నుంచి కళావతిని, అంగన్‌వాడీ టీచర్‌ని. గోదారి ఎంతుంది మేడం?"

"ఇప్పుడే వచ్చానమ్మా. వరద కంట్రోల్ రూమ్‌ని అడిగి చెప్తాను."

"మీరు అడిగేదేంది, మీ టీవీలనే వస్తాంది కదా, నలభై నాలుగని. ఇక్కడేమో తాసీల్దారాఫీసు వాళ్లు ట్రాక్టర్ తెచ్చి, యాభై రెండు దాటింది, ఎక్కండి అంటున్నరు. ఎవరి మాట నిజం?"

వనజ మానిటర్ వైపు తిరిగింది. తెర మీద ఆంథోని మాట్లాడుతున్నాడు. గోదావరి నీటిమట్టం కొలిచే ఉద్యోగి. అతని కింద నీలం పట్టీ, పట్టీలో తెల్ల అక్షరాలు: "ఆంథోని, నీటిమట్టం కొలిచే ఉద్యోగి. నీటిమట్టం 44 అడుగులు."

అది నిన్నటి కార్యక్రమం. రాసింది తనే. రిసీవర్ చేతిలోనే ఉంది, అవతల కళావతి హలో హలో అంటోంది.

నిన్న సాయంత్రం నాలుగు దాటాక వనజ స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా గీత గీసి రెండు చేసింది. ఎడమ వైపు తెర మీద కనపడేవి, కుడి వైపు వినపడేవి. ప్రతి ఏడూ వరదప్పుడు జనం ఆఫీసుకు ఫోన్ చేసి, ఒకటో హెచ్చరికంటే ఏంది, మేం కదలాల్నా వద్దా అని అడుగుతారు. అందరికీ ఒకేసారి అర్థమయ్యేలా చెప్పాలని ఆమె ఉద్దేశం. అయిదు నిమిషాల ముఖాముఖి, మధ్యలో బొమ్మలు.

యాంకర్: గోదావరి పెరిగితే మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటారు. వింటాం, మర్చిపోతాం. ఈ సాయంత్రం నాలుగు గంటలకు నది నలభై నాలుగు అడుగులుంది. అంటే మనం ఏం చేయాలి? రోజూ నది కొలిచే ఆంథోని గారిని అడుగుదాం.

గ్రాఫిక్ 1: నిలువు కొలబద్ద. 43 దగ్గర పసుపు గీత, 48 దగ్గర నారింజ గీత, 53 దగ్గర ఎర్ర గీత. ఒకటి తర్వాత ఒకటి రావాలి.

యాంకర్: నలభై మూడు దాటితే?

బైట్, ఆంథోని మాట: మొదటి హెచ్చరిక. సామాను సర్దుకోవాలె, పశువులను విప్పి పెట్టుకోవాలె. ఇల్లు వదలక్కర్లేదు.

గ్రాఫిక్ 2, ఆంథోని గొంతుతో: 48. రెండో హెచ్చరిక. పల్లపు ఊళ్లు ఖాళీ చేయాలి.

గ్రాఫిక్ 3: 53. మూడో హెచ్చరిక. ఒడ్డు ఊళ్లలో ఎవరూ ఇంట్లో ఉండరాదు.

కింది పట్టీ: ఆంథోని, నీటిమట్టం కొలిచే ఉద్యోగి. సోమవారం సాయంత్రం 4 గంటలకు 44 అడుగులు.

కాగితం మీద పట్టీ అలాగే ఉంది. ఎడిటింగ్ బల్ల దగ్గర రాంబాబు దాన్ని టైపు చేసి, తల అడ్డంగా ఊపాడు.

"పట్టదక్కా. పట్టించాల్నంటే అక్షరాలు చీమల్లెక్క చేయాలె. పద్నాలుగంగుళాల టీవీల ముసలోళ్లు చదవలేరు."

"మరి?"

"వారం, టైము తీసేద్దాం. యాంకర్ దీవెన నోటితో చెప్తనే ఉంది కదా."

వనజ సరే అంది. పెద్ద ఛానెళ్లలో పట్టీని ప్రసారమయ్యేటప్పుడు వేరే మిషన్‌తో వేస్తారు, కావాలంటే తీస్తారు. ఇక్కడ ఆ మిషన్ లేదు. రాంబాబు పట్టీని కంప్యూటర్‌లో బొమ్మ మీద అతికిస్తాడు. ఒకసారి అతికించి ఫైలు చేశాక అది బొమ్మలో భాగం. ఆ ఫైలు ఎప్పుడు వేసినా ఆ అంకె వస్తుంది. సాయంత్రం ఏడింటికి కార్యక్రమం వచ్చింది. రాత్రి ఆఫీసు మూసేటప్పుడు రాంబాబు రోజూ చేసినట్టే సాయంత్రం కార్యక్రమాలను వరుసలో పెట్టి వెళ్లాడు. మనుషులు వచ్చేదాకా కంప్యూటర్ వాటిని తిప్పి తిప్పి వేస్తుంది. ఇది ఒక్కసారి వేసేదే, మళ్లీ వేయొద్దు అని స్క్రిప్టు పైన రాయాల్సింది వనజ. రాయలేదు.

"కళావతి గారూ," అంది వనజ. "అది నిన్నటిది. ట్రాక్టర్ వాళ్లు చెప్పేదే నిజం. అందరినీ ఎక్కమనండి."

"నేను చెప్తే ఎక్కుతలేరు మేడం. ఆంథోని వాళ్లమ్మ అంతోనమ్మది మా గుంపే. ఆమె కొడుకే టీవీల చెప్తాండు కదా అని అందరు ఆమె గుమ్మంల కూసున్నరు. ఇగో, మాట్లాడండి."

ఫోన్ చేయి మారింది.

"ఎవలు బిడ్డా?"

"టీవీ ఆఫీసు నుంచి వనజనమ్మా. అంతోనమ్మ గారూ, మీరు చూసేది నిన్న తీసింది. ఇప్పుడు నది యాభై రెండు దాటిందట."

"దాటిందట అంటే? నువ్వు చూసినవా?"

"చూడలేదు. అధికారులు..."

"నా కొడుకు చూస్తడు. వానికి నీళ్లు కొలిచినందుకు జీతం. నీకు మాటలు చెప్పినందుకు జీతం. ఎవల్ని నమ్మమంటవ్?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడం వినపడింది. "నలభై ఎనిమిదికి ఇల్లు ఇడవాలె అని వాడే చెప్పిండు. ఇంకా నాలుగడుగులు ఉంది. కోళ్లను గంప కింద ఏసి, అన్నం తిని, అప్పుడు చూస్తం."

"అమ్మా, ఆ మాట నిన్నటి మాట."

"గట్లయితే టీవీలనే చెప్పు. నీ టీవీ ఒక మాట, నీ ఫోన్ ఒక మాట అయితే ఎట్ల?"

ముసలామె అడిగిందాంట్లో తప్పు లేదని వనజకు తెలుసు. నలభై మూడుకు కదలొద్దు, నలభై ఎనిమిదికి కదలండి అని నేర్పింది తన స్క్రిప్టే. ఆ గుంపు జనం దాన్ని బాగా నేర్చుకున్నారు. పట్టీలో అంకె చూసి లెక్క సరిగ్గా కట్టుకుని, అందుకే ఇళ్లలో ఉన్నారు.

కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసింది. ఎనిమిది గంటల రీడింగ్ యాభై మూడు పాయింట్ రెండు అన్నాడు అక్కడి క్లర్కు. ఆంథోనితో మాట్లాడాలంది. అతను కరకట్ట దిగువన మెట్ల మీద ఉన్నాడు, వైర్‌లెస్ సెట్ తప్ప ఏమీ లేదు, దాంట్లో అంకెలు తప్ప వేరే మాటలు పంపరు అన్నాడు క్లర్కు.

"వాళ్లమ్మ విషయం అండీ."

"ఆయన దగ్గరికి మనిషిని పంపిస్తా. ఇరవై నిమిషాలు పడుతుంది."

అప్పుడే రాంబాబు వచ్చాడు. వనజ మానిటర్ చూపించింది. అతను చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆపు," అంది.

అతను కంప్యూటర్ ఆపాడు. తెర నల్లగా అయింది. కొత్త పట్టీ టైపు చేసి, అతికించి, ఫైలు చేయడానికి పావుగంట. కెమెరాను నేరుగా కలపడానికి అయిదు నిమిషాలు. దీవెన ఇంకా రాలేదు. వనజ స్క్రిప్టు కాగితం వెనక మార్కర్‌తో రాసింది: "మంగళవారం పొద్దున 8 గంటలు. 53 అడుగులు. ఇళ్లు వదలండి." యాంకర్ కుర్చీలో కూర్చుని కాగితాన్ని గుండెల దగ్గర పట్టుకుంది. జుట్టు తడిగా ఉంది. లైటు వేయలేదు.

"ఇంతసేపు మీరు చూసింది నిన్నటిది. మాదే తప్పు. ఇప్పుడు పొద్దున ఎనిమిదింపావు. గోదావరి యాభై మూడు అడుగులు దాటింది. మూడో హెచ్చరిక. ఒడ్డు ఊళ్ల వాళ్లు వెంటనే ఇళ్లు వదలండి. ఇప్పలగుంపు వాళ్లు, అంతోనమ్మ గారూ, వెంటనే బయల్దేరండి."

అదే మాట ఆపకుండా ఆరుసార్లు చెప్పింది. ఫోన్ మోగింది. రాంబాబు ఎత్తి, స్పీకర్ నొక్కాడు.

"చూసినం మేడం," అంది కళావతి. "ముసలమ్మ కూడ లేచింది. బయల్దేరినం. ట్రాక్టర్ ఆగలేదు, రోడ్డు మీదికి నీళ్లొస్తున్నయని ఎక్కినోళ్లను తీసుకుని పోయిండ్రు. నడిచి పోతం."

లైన్ కట్టయింది. వనజ కాగితం బల్ల మీద పెట్టింది. ఊపిరి పీల్చుకుంది. నడిచి పోతం అన్న మాటను ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

పదకొండున్నరకు కంట్రోల్ రూమ్ నుంచి ఇంకో క్లర్కు ఫోన్ చేశాడు. రీడింగ్ చెప్పలేదు. ఇప్పలగుంపు నుంచి పదిహేడు మంది నడిచి బయల్దేరారని చెప్పాడు. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగుంది. గోదావరి వెనక్కి తన్ని వాగు నడుముల దాకా వచ్చింది. చేతులు పట్టుకుని దాటారు. మధ్యలో పట్టు జారింది. పదహారు మంది ఒడ్డుకు చేరారు. ఊళ్లోనే ఉండి బడి మిద్దె ఎక్కిన నలుగురిని పడవ వాళ్లు తర్వాత తీసుకొచ్చారు.

"మిద్దె ఎక్కినవాళ్లకు ఏం కాలేదా?"

"కాలేదు. తడవను కూడా తడవలేదు."

"పదిహేడో మనిషి?"

క్లర్కు పేరు చెప్పాడు. గోదావరి కొలిచే ఆంథోని తల్లి అని కూడా చెప్పాడు, వనజకు తెలియదనుకుని.

ఇళ్లు వదలండి అని వనజ చెప్పింది. దారి మునిగితే ఎటు పోవాలో చెప్పలేదు. నిన్నటి స్క్రిప్టులోనూ అది లేదు. మూడు గీతలు గీసింది, మూడు రంగులు వేసింది. నాలుగో బొమ్మ ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు.

మూడు గంటలకు ఆంథోని వచ్చాడు. పాంటు మోకాళ్ల దాకా బురద. ఒంటి గంటకే విషయం చెప్పారట. రెండింటి రీడింగ్ తీసే మనిషి లేక, అది తీసి, డ్యూటీ అప్పగించి వచ్చాడు. శవం ఇంకా దొరకలేదు. రాంబాబు కుర్చీ జరిపాడు. అతను కూర్చోలేదు.

"అమ్మ చూసింది నాకు చూపించండి."

రాంబాబు వనజను చూశాడు. ఆమె వేయమంది. అయిదు నిమిషాలూ అతను నిలబడే చూశాడు. తను మాట్లాడే చోట వంగి, పట్టీ చదివాడు.

"పొద్దున ఎన్నిసార్లు వేసిండ్రు?"

"మూడుసార్లు," అంది వనజ.

"మీరు ఎంతుందని అడిగినప్పుడు, నలభై నాలుగు ఉంది, పైన పేరూరు దగ్గర పెరుగుతాంది, రాత్రికి మనకాడ కూడ పెరుగుతది అని చెప్పిన. అది ఏది?"

వనజకు గుర్తొచ్చింది. ఆ ముక్క తనే కోసింది. అర్థం చెప్పే కార్యక్రమంలో వార్త ఎందుకని.

"దాన్ని రాత్రి ఎనిమిదింటి వార్తల్లో వేశాం," అంది.

ఆంథోని తెర వైపే చూస్తున్నాడు. తెర మీద అతని ముఖం ఆగి ఉంది, నోరు సగం తెరుచుకుని.

"అమ్మ వార్తలు చూడదు మేడం. టీవీల నేను వస్తే చూస్తది."