రెండు నిజాలు, ఒక అబద్ధం

సిబియు ఊరి దగ్గర కొండల్లో ఉన్న ఆ అతిథిగృహం ముందు రెండు బస్సులు ఆగాయి. యాష్ నుంచి వచ్చినవాళ్లు ఒకవైపు, తిమిషొయారా నుంచి వచ్చినవాళ్లు ఇంకోవైపు నిలబడి, కాఫీ తాగుతూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. ఆ రెండు ఊళ్ల రవాణా కంపెనీలు కిందటి చలికాలంలో ఒకటయ్యాయి. ఇన్నాళ్లూ ఫోన్లలో విసుక్కోవడమే తప్ప, వీళ్లు ముఖాముఖి కలుసుకున్నది లేదు. పైగా రెంటిలో ఒక ఆఫీసు మూసేస్తారని పుకారు.

ఈ కలయిక ఏర్పాట్లన్నీ రుక్సాంద్ర నెత్తిన పడ్డాయి. సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగంలో ఆమె కొత్త. మొదట ఏ ఆట ఆడించాలన్నదే వారం రోజులుగా ఆమెను తినేస్తోంది. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోయే ఆటను మొదటే కొట్టేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో ఎవరు పడతారు? అందరూ చేతులు పట్టుకుని ముడిపడి, ఆ ముడి విప్పుకునే ఆట కూడా వద్దనుకుంది. ఇతరులు తాకితే ఇబ్బంది పడేవాళ్లుంటారు, నడుంనొప్పి ఉన్నవాళ్లుంటారు. చివరికి తేలికైనదొకటి ఎంచుకుంది. ఇద్దరిద్దరు కూర్చుని, ఉద్యోగం ఊసెత్తకుండా, తమ ఇద్దరికీ కలిసే విషయాలు మూడు కనిపెట్టాలి. అందరి ముందూ చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు, లేకపోతే ఊరుకోవచ్చు.

డైరెక్టర్ ప్లెషాకి అది నచ్చలేదు.

"ఇదేం ఆటమ్మా, బడిపిల్లల్లా? రెండు నిజాలు, ఒక అబద్ధం పెట్టు. ఒక్కొక్కరూ లేచి తన గురించి మూడు మాటలు చెప్పాలి, అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి. నవ్వులే నవ్వులు!"

"మంచి ఆటే సార్. కానీ కాస్త పరిచయం అయ్యాక బాగుంటుంది. ఇప్పుడు అందరూ భయంతో ఉన్నారు. అబద్ధం అనే మాటే వద్దనిపిస్తోంది."

"భయమా? దేనికి?"

రుక్సాంద్ర ఆ మాట దాటేసింది. పుకారు సంగతి అడిగితే తన ఉద్యోగం కూడా పోతుందేమో.

"సరే, ముందు నీది కానీ. తర్వాత నాది," అన్నాడాయన. ఆమె తలూపింది.

మొదటి ఆట మెల్లగా ఊపందుకుంది. ఒక్కో జంటలో ఒకరు యాష్, ఒకరు తిమిషొయారా. మొదట గొంతులు సవరించుకున్నారు. తర్వాత ఎవరో గట్టిగా నవ్వారు. యాష్ ఆఫీసులో గిడ్డంగి లెక్కలు చూసే వెతూరియాకీ, తిమిషొయారా లారీల పని చూసే సెవెర్‌కీ కుట్లు పడిన మోకాళ్లున్నాయట, పుట్టగొడుగులంటే ప్రాణమట.

"మూడోది ఇద్దరికీ కాఫీ చల్లారిపోవడం!" అన్నాడు సెవెర్. అందరూ నవ్వారు. ఇక్కడితో ఆపేస్తే బాగుండునని రుక్సాంద్ర మనసులో వేడుకుంది.

కానీ ప్లెషా లేచి చేతులు రుద్దుకున్నాడు. తనవి మూడూ చెప్పేశాడు. అబద్ధమేదో అందరూ మర్యాదగా ఊహించారు. "ఇప్పుడు మీరు, వెతూరియా గారూ!"

"ఎవరికిష్టం లేకపోతే వాళ్లు..." అని రుక్సాంద్ర అందుకునేలోపే వెతూరియా లేచి నిలబడింది.

"పర్లేదమ్మా, చెప్తాను. ఒకటి, నాకిద్దరు కొడుకులు. రెండు, లారీ నడపడం నాకు వచ్చు." ఆవిడ డైరెక్టర్ కళ్లలోకి చూసింది. "మూడు, మా యాష్ ఆఫీసు మూసెయ్యరు. ఏది అబద్ధమో చెప్పండి సార్."

ప్లెషా మొహంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది. ఆయన రుక్సాంద్ర వైపు చూశాడు, ఏదో ఒకటి చేసి గట్టెక్కించమన్నట్టు. మాట మార్చడానికి వేరే ఆట ఆమె దగ్గర సిద్ధంగానే ఉంది. కానీ ఆమె దాని ఊసెత్తలేదు.

"సార్, ఇది ఆటలా తేల్చే విషయం కాదు. తెలిసినంత చెప్పెయ్యండి," అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మూడోది," అన్నాడు. "గిడ్డంగి ఉంటుంది. ఆఫీసు వేసవి చివరికి మూసేస్తారు. రేపు చెబుదామనుకున్నా."

"రేపా? ఆటలన్నీ ఆడించాకా?" యాష్ వాళ్లలో ఒకడు అరిచాడు. ఆపైన ఏ గొంతు ఎవరిదో తెలియకుండా పోయింది. ప్లెషా అన్నీ విన్నాడు. కొన్నింటికి జవాబిచ్చాడు, కొన్నింటికి తెలియదన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రెండు ఊళ్లవాళ్లూ విడివిడిగా కూర్చోలేదు. సెవెర్ తన పళ్లెం తెచ్చుకుని వెతూరియా పక్కన కూర్చున్నాడు. "మా దగ్గర ఒక చోటు ఖాళీ ఉంది. యాష్‌లోనే ఉండి చేసుకోవచ్చేమో అడిగి చూస్తా. మాటివ్వలేను సుమండీ," అంటున్నాడు.

రుక్సాంద్ర సూప్ గిన్నె పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయింది.

"నీకు ముందే తెలుసా?" అడిగింది వెతూరియా.

"తెలియదండీ. అనుమానం ఉంది. అడగడానికి భయపడ్డాను."

వెతూరియా తన ఇంకో పక్కనున్న కుర్చీ వెనక్కి లాగింది. "నేనూ రెండు నెలలు అడగలేదులే. కూర్చో."

రుక్సాంద్ర కూర్చుంది. సాయంత్రానికి అనుకున్న ఆటలన్నీ రద్దు చేయాలని, ఆ మాట ప్లెషాకి తానే వెళ్లి చెప్పాలని అనుకుంటూ చెంచా ఎత్తింది.