నూకరత్నం ఆదివారం

మధ్యాహ్నం పూట దేవుడి తలుపులు ఎందుకు మూస్తారన్న అనుమానం నూకరత్నాన్ని చిన్నప్పటి నుంచీ వదల్లేదు. పిల్లప్పుడు అమ్మనడిగితే "సామి బువ్వ తిని తొంగుంటాడే" అంది. పెళ్ళయ్యాక అత్తనడిగితే "నీకెందుకే ఆ గొడవ" అంది. చివరికి ఒకరోజు, చోడవరం వినాయకుడి గుడి ముందు, తను పనిచేసే ఇంటి అమ్మగారు పంపిన అరటిపళ్ళు పట్టుకుని నిలబడి, గుడి తలుపు గొళ్ళెం వేస్తున్న పంతులుగారినే అడిగేసింది.

"పంతులుగారూ, సామి లోపల ఏటి సేస్తారండి ఇప్పుడు?"

"విశ్రాంతి తీసుకుంటారమ్మా. అందరి మొరలూ విని అలిసిపోరూ?"

నూకరత్నం దణ్ణం పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. పాత అనుమానం తీరింది గానీ దాని కడుపున ఇంకోటి పుట్టింది. కూర్చున్నచోటు నుంచి కదలకుండా మొరలు వినే సామికే రోజూ విశ్రాంతి ఉంటే, పదకొండేళ్ళుగా పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా సంధ్యారాణిగారింట్లో అంట్లు, బట్టలు, వంట, ఇల్లు చూసే తనకి వారానికొక రోజైనా ఎందుకు లేదు? ఇలా అనుకోవడం తప్పేమోనని లెంపలు వేసుకుంది. అనుమానం మాత్రం పోలేదు.

ఆ నెలలోనే పక్కింటి దేముడమ్మ ఆమెను సామాజిక భవనంలో మీటింగుకి లాక్కెళ్ళింది. దేముడమ్మదీ ఇంటిపనే, వేరే వీధిలో. లేబర్ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఈ-శ్రమ్ కార్మిక గుర్తింపు కార్డులు రాయిస్తోంది. కార్డు పనయ్యాక "ఏమైనా అడగాలా?" అంది. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నూకరత్నం చెయ్యెత్తింది.

"మేడమ్, మాకు ఆదివారం సెలవుందాండి?"

హాలంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "ఉందని అబద్ధం చెప్పలేనమ్మా. కనీస వేతనాల జాబితాలో ఇంటిపని ఉంది. అంతకంటే తక్కువిస్తే మా ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. కానీ వారానికో సెలవు ఇచ్చి తీరాలని, కారణం లేకుండా తీసెయ్యకూడదని మీ పనికంటూ ప్రత్యేకమైన చట్టం ఇంకా రాలేదు. అంతవరకూ మీరూ, ఇంటివాళ్ళూ కూర్చుని షరతులు రాసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టండి. చెరో కాపీ ఉంచుకోండి. రేపు తగువొస్తే నోటిమాట కన్నా ఆ కాగితం బలం."

నమూనా కాగితాలు పంచింది. దేముడమ్మ తన కాగితాన్ని విసనకర్రలా ఊపుకుంది. "మా అమ్మగోరు దీని మీద పకోడీలు పెట్టుకు తింటాది" అంది.

నూకరత్నం మాత్రం దాన్ని మడత నలగకుండా తీసుకెళ్ళి, శనివారం కాఫీ గ్లాసుతో పాటు సంధ్యారాణిగారి ముందు పెట్టింది.

"ఏమిటే ఇది?"

"కాగితం అమ్మగోరూ. జీతం, టైము, ఆదివారం సెలవు, తీసేస్తే నెల ముందు సెప్పడం. రాసుకుందారని."

సంధ్యారాణి చదివింది. కళ్ళజోడు తీసింది. ఆమె మొహం ఎర్రబడటం నూకరత్నం అంతకు ముందెన్నడూ చూడలేదు.

"పదకొండేళ్ళ తరవాత నా మీద నమ్మకం పోయిందా నీకు? నేనేం జీతం ఎగ్గొట్టేనా? కాగితాలున్న చోటే పని చూసుకో. రేపట్నుంచి రాకు."

"అమ్మగోరూ, నా మాట..."

"రాకన్నానా!"

అంతే. పదకొండేళ్ళ పని, కాఫీ మీద మీగడ కట్టేలోపు పోయింది. ఇంట్లో ఆమె సంపాదనే ఆధారం. కూతురు దేవిశ్రీ అనకాపల్లిలో డిగ్రీ రెండో ఏడు. ఇంకా ఏడాదిన్నర చదివించాలి.

"సెప్పేనా లేదా!" అని దేముడమ్మ తల పట్టుకుంది. "ఎల్లి కాళ్ళట్టుకో. కాగితం సింపేసేనని సెప్పు."

"సింపను" అంది నూకరత్నం. "తప్పు సేసుంటే కాళ్ళట్టుకుందును. ఏం తప్పు సేసేనే?"

అలా అన్నదే గానీ, ఆదివారమంతా దీపం ముందు కూర్చుని 'సామీ, ఆశపడ్డానా?' అని అడుగుతూనే ఉంది. ఆదివారం సెలవు అలా దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

సోమవారం పొద్దున్నే ఫోను మోగింది. సంధ్యారాణిగారి భర్త గౌరీశంకర్‌గారు. ముప్పై రెండేళ్ళు చక్కెర మిల్లు టైమాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోలుగుంటలో బావమరిది ఇంటికెళ్ళి ముందురోజు రాత్రే వచ్చాడు.

"నూకరత్నం, పదింటికి ఇంటికి రా. ఎంక్వైరీ ఉంది. నీ తరపున ఒక తోటి పనిమనిషిని తెచ్చుకోవచ్చు."

ఎంక్వైరీ అనగానే ఇద్దరికీ పోలీసులే కళ్ళ ముందు మెదిలారు. దేముడమ్మ దారి పొడుగునా "ఒసే, ఎండి గిన్నేదైనా పోయిందేమోనే" అని వణికింది. తీరా వెళ్ళి చూస్తే, వసారాలో బల్ల, బల్ల వెనక ఇస్త్రీ చొక్కా వేసుకుని గౌరీశంకర్‌గారు. ఒక పక్క కుర్చీలో మూతి ముడుచుకుని సంధ్యారాణి. ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు.

"కూర్చోండి."

ఆ ఇంట్లో కుర్చీ మీద నూకరత్నం ఎప్పుడూ కూర్చోలేదు. దేముడమ్మ ముందు కూర్చుని, ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"మా మిల్లులో పనివాణ్ణి తియ్యాలంటే ముందు మెమో ఇవ్వాలి. సంజాయిషీ అడగాలి. ఎంక్వైరీలో వాడి మాట వినాలి. వాడి పక్కన తోటి పనివాడొకడు కూర్చోవచ్చు. ఈ ఇంట్లో ఇవేవీ జరగలేదు" అని ఆయన తను రాసిపెట్టుకున్న కాగితం తీసి చదివాడు. "నూకరత్నం అను ఉద్యోగిని, శనివారం నాడు కాఫీ వేళ, యాజమాన్యాన్ని షరతుల కాగితం అడిగి మనస్తాపం కలిగించినట్టు ఆరోపణ."

"యాజమాన్యం ఎవరు?" అంది సంధ్యారాణి.

"నువ్వే."

"నేనా! ఈ ఇంట్లో నా మాట విన్న రోజేదో చెప్పండి ముందు. టీవీ సౌండు తగ్గించమంటే తగ్గించే దిక్కు లేదు, యాజమాన్యమట!"

దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గౌరీశంకర్‌గారు గొంతు సవరించుకుని, "యాజమాన్యం తన బాధ చెప్పుకోవచ్చు" అన్నాడు.

సంధ్యారాణి గొంతు తగ్గించి చెప్పింది. "మా అత్తగారి ఆఖరి రోజుల్లో నాకంటే రత్నమే బాగా చూసింది. ఇంటి మనిషనుకున్నాను. పండక్కి చీర పెట్టేను, జ్వరమొస్తే మందులు కొన్నాను. ఇప్పుడు కాగితం అడిగితే నన్ను పరాయిదాన్ని చేసినట్టు కాదూ?"

"నీ సంజాయిషీ?" అన్నాడాయన నూకరత్నంతో.

నూకరత్నం లేచి నిలబడబోయి, కూర్చోమన్నారని గుర్తొచ్చి కూర్చుంది.

"అమ్మగోరూ, సీర మీ దయ. మందులు మీ దయ. దానికి రోజూ దణ్ణం ఎడతాను. కానీ మొన్న మీకు కోపమొచ్చింది, ఒక్క మాటతో నా పని పోయింది. దయ ఉన్నన్నాళ్ళే పనుంటే, పొద్దున్న లేవగానే మీ మొకం ఎలాగుందో సూసి బతకాలి కదమ్మా. మీ తమ్ముడుగోరు ప్రెతీ ఏడూ మిల్లోళ్ళకి సెరుకు ఎగ్రిమెంటు రాస్తారు. ఇక్కడే, ఈ బల్ల మీదే. నానే కదా టీలిచ్చేను. మిల్లోళ్ళు పరాయోళ్ళనా రాస్తారు? నరికేక ఎవులు తీసుకుంటారో తెలవాలి, తెలిస్తే నిద్దరడతాది, అందుకని కదా?"

సంధ్యారాణి కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అలసిపోయేనని ఒక్కరోజైనా చెప్పేవా నాకు?"

"సెప్తే తీసేస్తారేమోనని బయమమ్మా."

ఆ మాటతో సంధ్యారాణి మూతిముడుపు విడిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "శనివారం నుంచీ కాఫీ తాగబుద్ధి కాలేదే నాకు. ఏవండీ, ఆ పెన్నిటివ్వండి."

"ఎంక్వైరీ ఆఫీసరు తీర్పు ఇంకా..."

"ఇవ్వండన్నానా!"

ఆరోపణ రుజువు కాలేదని ఆయన గబగబా రాసేసుకుని పెన్ను ఇచ్చాడు. అసలు తమాషా అప్పుడు మొదలయింది. జీతం దగ్గర పేచీ లేదు. సర్కారు జాబితా చూసి దానికి పైనే రాశారు. పనివేళలు రాశారు. చుట్టాలొచ్చి పని పెరిగితే వేరే డబ్బు అని దేముడమ్మ రాయించింది. ఒంట్లో బాగోకపోతే జీతం కొయ్యకూడదు. తీసెయ్యాలంటే కారణం చెప్పాలి, రత్నం మాట వినాలి, నెల ముందు చెప్పాలి, లేదా నెల జీతమివ్వాలి.

"మరి నువ్వు చెప్పకుండా మానేస్తే నా గతేమిటి?" అంది సంధ్యారాణి.

"నానూ నెల ముందే సెప్తాను. రాయండి."

"ఆదివారం వారం వారం సెలవు. జీతం కొయ్యరు" అని రాసి ఆమె పెన్ను ఆపింది. "మరి ఆదివారం అంట్లెవరు తోముతారు?"

ముగ్గురాడవాళ్ళూ ఒక్కసారే ఒకే వైపు చూశారు.

"నేనా?" అన్నాడు గౌరీశంకర్‌గారు.

"రాసేస్తున్నాను" అంది సంధ్యారాణి. రాసింది కూడా. 'ఆదివారం అంట్లు: జి. గౌరీశంకర్.' ఆయన సాక్షి సంతకం పెడుతూ, "ముప్పై రెండేళ్ళ సర్వీసులో నాకొక్క మెమో కూడా రాలేదు. ఇప్పుడొచ్చేలా ఉంది" అన్నాడు. దేముడమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. రెండు కాపీలు తయారయ్యాయి. సంధ్యారాణి కాపీ బీరువాలోకి, నూకరత్నం కాపీ ఇంట్లో వినాయకుడి పటం వెనక్కి చేరాయి. దేముడమ్మ తన విసనకర్ర కాగితాన్ని ఇంటికెళ్ళాక వెతికి, చేత్తో రుద్ది మడతలు సాపు చేసుకుంది.

ఆ వచ్చిన ఆదివారం నూకరత్నానికి ఎప్పటిలాగే అయిదింటికి మెలకువ వచ్చేసింది. లేచి సగం చీర కట్టుకున్నాక గుర్తొచ్చింది. మళ్ళీ పడుకుంది. నిద్ర పట్టలేదు గానీ, పడుకోవడమే ఎంతో హాయిగా ఉంది. "అమ్మా, ఒంట్లో బాలేదేటి?" అని దేవిశ్రీ నుదురు తాకి చూసింది. "బాగుంది గుంటా, బాగుండే తొంగున్నాను" అని తల్లి పకపకా నవ్వింది. ఎండెక్కాక తలంటుకుని గుడికి వెళ్ళింది. తొందర లేకుండా, మెట్టుమెట్టుకీ ఆగి దణ్ణం పెట్టింది.

తిరిగొస్తూ దేముడమ్మ ఇంటి ముందు ఆగింది. దేముడమ్మ అమ్మగారింట్లో అంతా పెళ్ళికెళ్ళారు, అందుకని ఆ పూట ఆమె ఇంట్లోనే ఉంది. ఒక్కతే సున్నం బాల్చీ ముందేసుకుని, పెచ్చులూడిన గోడ వంక చూస్తోంది.

తొమ్మిదేళ్ళ కిందట, తుపాను వెలిశాక, నూకరత్నం ఇంటి గోడలకి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా సున్నం కొట్టింది ఈ దేముడమ్మే. "నీకో బదులు రోజు బాకీ అక్కా" అంది ఆనాడు నూకరత్నం. ఈ పేటలో ఆడవాళ్ళు రోజుకి రోజు బదులు చేసుకుంటారు. కూలి అడగరు. తొమ్మిదేళ్ళలో దేముడమ్మ ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు. నూకరత్నం దగ్గర ఇవ్వడానికి ఒక్క రోజూ లేదని ఆమెకి తెలుసు.

నూకరత్నం కొంగు బొడ్లో దోపి, కుంచె అందుకుంది.

"ఒసే, సెలవునాడు తొంగోక ఏటే ఇది?"

"నా సెలవు నా ఇష్టం. కాగితంలో రాసుంది" అని బాల్చీ కలిపింది నూకరత్నం.

నాలుగు గోడలూ తెల్లబడేసరికి సాయంత్రమయింది. ఇద్దరి జుట్టూ ముగ్గుబుట్టలయ్యాయి. దేముడమ్మ అటూ ఇటూ తిరిగి చూసుకుని, నూకరత్నం ముక్కు మీది సున్నం కొంగుతో తుడిచింది.

"సెల్లయిపోయిందే రత్నం, నీ బదులు రోజు."