సుభాషిణి వాటా

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో వీరాంజనేయులు, ప్రభాకర్ సమాన వాటాలతో కారు విడిభాగాల వర్క్‌షాప్ నడిపేవారు. మార్చిలో వీరాంజనేయులు గుండెపోటుతో పోయాడు. వీలునామా ప్రకారం అతని వాటా భార్య సుభాషిణిది. ఖాతా పుస్తకాల్లో అది రెండు లక్షల డాలర్లు. ఆ మొత్తానికే వాటాను ప్రభాకర్‌కు అమ్మేస్తూ ఆమె కాగితాల మీద సంతకం చేయబోయింది.

ప్రభాకర్ ఆపాడు. "ఆగమ్మా, పుస్తకంలో బిల్డింగ్‌ది కొన్ననాటి రేటు. ఏ రేటు కట్టాలో మా అగ్రిమెంట్‌లో రాసుకోలేదు. ఇప్పటి విలువే న్యాయం. విలువ కట్టేవాళ్లను పిలిచి అప్రైజ్ చేయిద్దాం."

భవనం విలువ ఆరు లక్షలు పెరిగిందని తేలింది. అందులో సగం ఆమె వాటాకు కలిసి, మొత్తం ఐదు లక్షలైంది.

"అంత ఇవ్వాలంటే మీరు లోన్ తీసుకోవాలి కదా అన్నయ్యా?"

"తీసుకుంటాను. ఆ బిల్డింగ్‌లో సగం వాడి కష్టమే కదమ్మా."

ఆగస్టులో బ్యాంకు అప్పు మంజూరు కాగానే, అతను చెక్కు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. సుభాషిణి లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుంది.